సెటాప్ బాక్స్ మార్చుకునేవాళ్లూ, జాగ్రత్త.. మా అమ్మ బతుకమ్మ పాట పోగొట్టుకున్నా

నిన్న సాయంత్రం జరిగింది. కోపం ఇంకా దిగలేదు. రాసేదాంట్లో ముందూ వెనకా అయితే సర్దుకోండి.

ఏ కంపెనీ అని అడగకండి. రామంతాపూర్‌లో ఏ మేడ ఎక్కి చూసినా నాలుగు ఛత్రీలు కనిపిస్తాయి కదా, అందులో ఒకళ్లు. రికార్డింగ్ ఉన్న హెచ్‌డీ బాక్స్ అని చెప్పి అంటగట్టారు. వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, దానికి మన హార్డ్ డిస్కో పెన్ డ్రైవో పెట్టుకుంటే లైవ్ ఆపుకోవచ్చు, రికార్డ్ చేసుకోవచ్చు. నేను 500 జీబీ డిస్క్ పెట్టా. మా ఆవిడ సీరియళ్లు, నా క్రికెట్టు, పిల్లాడి బొమ్మలు, అన్నీ అందులోనే.

పోయిన సద్దుల బతుకమ్మకు ట్యాంక్‌బండ్ నుంచి లైవ్ వస్తోంది. అమ్మ వాళ్ల కాలనీ ఆడవాళ్లతో అక్కడే ఉంది. ఉన్నట్టుండి కెమెరా అమ్మ ముందు ఆగింది. అమ్మ పాట ఎత్తుకుంటోంది, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతూ ‘ఉయ్యాలో’ అందుకుంటున్నారు. మా ఆవిడ గబుక్కున పాజ్ నొక్కి నన్ను కేకేసింది. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ప్లే నొక్కి, మొదటి నుంచి చూశాం. చూస్తూ చూస్తూ సగంలో గుర్తొచ్చి రికార్డ్ నొక్కా.

అక్కడే మొదటి దెబ్బ తగిలింది, అప్పుడు అర్థం కాలేదు. పాజ్ నొక్కితే బాక్స్ ఆ క్షణం నుంచి ప్రోగ్రామ్‌ని డిస్క్‌లో రాసుకుంటూ పోతుంది. అందుకే తర్వాత తీరిగ్గా చూడగలుగుతాం. కానీ అది తాత్కాలికం. ఛానల్ మార్చినా, బాక్స్ ఆపినా, కరెంటు పోయినా చెరిగిపోతుంది. మా బాక్స్‌లో అయితే రికార్డ్ నొక్కినా, అప్పుడు లైవ్‌లో ఏం నడుస్తుందో అక్కడి నుంచే పడుతుంది, పాజ్‌లో దాచింది రికార్డింగ్‌లోకి రాదు. అలా పాటలో మొదటి సగం మాకు దక్కలేదు. దక్కింది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలే అమ్మ వచ్చిన చుట్టాలందరికీ చూపించింది. ఛానల్ వాళ్లు యూట్యూబ్‌లో పెట్టలేదు, అడిగాం కూడా.

పోయిన వారం బాక్స్ చచ్చిపోయింది. లైటే వెలగలేదు. కస్టమర్ కేర్ అమ్మాయితో మూడుసార్లు అన్నా, ‘డిస్క్‌లో ముఖ్యమైన రికార్డింగ్ ఉందమ్మా’ అని. ‘అది మీ డిస్క్‌లో ఉంది కదా సార్, బాక్స్ మారినా ఏమీ కాదు’ అంది. నమ్మా. చదువుకున్న మూర్ఖుణ్ణి.

నిన్న కుర్రాడొచ్చాడు. పది నిమిషాల్లో కొత్త బాక్స్ బిగించాడు. డిస్క్ తగిలించగానే తెర మీద ఏదో వచ్చింది, ఈ డ్రైవ్ ఫార్మాట్ చేయాలి, డేటా మొత్తం పోతుంది అని. నేను సోఫాలోంచి ‘ఆగు తమ్ముడూ’ అంటూ లేచేలోపు రిమోట్ మీద ఓకే నొక్కేశాడు. ఒక్క నొక్కు. చూడను కూడా చూడలేదు, ఇంకో చేత్తో ఫోన్‌లో ఓటీపీ మెసేజ్ వెతుకుతున్నాడు. ‘ఇప్పుడు సెట్ అయింది సార్, ఫ్రెష్‌గా రికార్డ్ చేసుకోండి’ అన్నాడు. ఫ్రెష్‌గానట! అమ్మను మళ్లీ ట్యాంక్‌బండ్‌కి పంపించి, కెమెరా వాణ్ణి మళ్లీ అక్కడే నిలబెట్టి, ఫ్రెష్‌గా.

అరిచా. ‘రికార్డింగ్ మా సర్వీస్‌లోకి రాదు సార్, డిస్క్ మీది’ అన్నాడు. పాత బాక్స్ సంచీలో వేసుకున్నాడు. విజిటింగ్ ఛార్జ్ 250 రూపాయలు తీసుకున్నాడు. ఐదు స్టార్లు ఇమ్మని కూడా అడిగాడు. ఇచ్చా. ఇచ్చానండీ, ఓటీపీ చెప్పి మరీ ఇచ్చా! ఆ సమయంలో బుర్ర పనిచేయలేదు.

రాత్రి మా బావమరిదికి ఫోన్ చేశా. కోఠి గుజరాతీ గల్లీలో ఇవే డబ్బాలు రిపేర్ చేస్తాడు. వాడు చెప్పింది విన్నాక కోపం ఇంకా పెరిగింది. రికార్డింగ్ డిస్క్‌లో ఉంటుంది నిజమే, కానీ తాళం వేసి ఉంటుంది. తాళంచెవి బాక్స్ లోపల ఉంటుంది, ఏ బాక్స్‌ది దానిదే. అదే కంపెనీ, అదే మోడల్ కొత్త డబ్బా పెట్టినా తెరుచుకోదు. అంటే ఆ కుర్రాడు ఫార్మాట్ కొట్టకపోయినా కొత్త బాక్స్‌లో పాట ఆడేది కాదు. పాత బాక్స్, పాత డిస్క్ రెండూ ఉంటేనే పాట ఉన్నట్టు. ‘రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే రాదా’ అన్నా. ‘బావా, ఆ సాఫ్ట్‌వేర్లు ఫైల్ మొదట్లో ఉండే గుర్తును పట్టి వెతుకుతాయి. తాళం వేసిన ఫైల్లో ఆ గుర్తులే కనపడవు. ఎలాగో ముక్కలు ఏరినా, తాళంచెవి లేకుండా చూసేదేముంది’ అన్నాడు.

తర్వాత వాడే అడిగాడు, ‘అసలు లైటే రాలేదన్నావు, అడాప్టర్ మార్చి చూశావా?’ అని. చూడలేదు. లైట్ అసలు రాకపోయినా, లేదా వెలిగి ఆరి బాక్స్ మళ్లీ మళ్లీ మొదలవుతున్నా ముందు అనుమానించాల్సింది గోడకు పెట్టే ఆ నల్ల ముక్కనేనట. దాని మీద ఎన్ని వోల్టులు రాసుందో సరిగ్గా అన్నే వోల్టులది, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్నది, పిన్ను కూడా అదే రకం, తెచ్చి పెట్టి చూడాలి. తన దగ్గరికి ‘చచ్చిపోయింది’ అని వచ్చేవాటిలో చాలా వాటికి రోగం అదేనట. పొద్దున పాత బాక్స్ కోసం ఆ కుర్రాడికి ఫోన్ చేశా. గోడౌన్‌కి పంపేశాడట. దొరికినా ఇప్పుడేం లాభం, డిస్క్ ఖాళీ.

నా తప్పు లేదా అంటే, బోలెడు. ఒకసారి ఆ డిస్క్ లాప్‌టాప్‌కి పెడితే ఈ మెసేజ్ వచ్చింది:

```
You need to format the disk in drive E: before you can use it.
```

అప్పుడు నేను క్యాన్సిల్ కొట్టా, చాలా తెలివిగా. ఆ డిస్క్ కంప్యూటర్‌కి అర్థం కాని పద్ధతిలో ఉందని, నకలు తీసుకోవడం కుదరదని అప్పుడే అర్థం కావాలి. ఇంకోసారి రీఛార్జ్ రెండు రోజులు ఆలస్యమైతే నా సొంత రికార్డింగే ఆడలేదు. నా డిస్క్, నా కరెంటు, మా అమ్మ పాట, అయినా చూడటానికి వాళ్ల అనుమతి కావాలి. అప్పుడూ బుద్ధి రాలేదు.

సరే, మీరైనా వినండి. ఇంట్లో వాళ్లు కనిపించిన రికార్డింగ్ ఏదైనా ఉంటే ఇవాళే టీవీ ముందు ఫోన్ నిలబెట్టి వీడియో తీసేయండి. ఇంకాస్త బాగా కావాలంటే, బాక్స్ వెనక పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు పెట్టే చోటు ఉంటే, లాప్‌టాప్‌కి తగిలించే క్యాప్చర్ ముక్క ఒకటి కొని రికార్డింగ్ ఆడిస్తూ ఎక్కించుకోవచ్చు. గంట ప్రోగ్రామ్‌కి గంట పడుతుంది, బొమ్మ పాత టీవీలా ఉంటుంది, ఉండనీ. టెక్నీషియన్ గుమ్మంలో ఉండగానే డిస్క్ పీకి బీరువాలో పెట్టండి. అడాప్టర్ మార్చి చూడనిదే బాక్స్ ఇవ్వకండి.

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆదివారం వరంగల్ నుంచి పెద్దమ్మ వస్తోంది, పాట చూడటానికి.