పేఆఫ్ షీటు కొనేవారికి హెచ్చరిక: రెండు లాట్లు అమ్మినా అది ఒకటిగానే లెక్క కడుతోంది

రాయగడలోని మన తెలుగు ట్రేడర్ల గ్రూపులో ఆప్షన్ల లాభనష్టాలను లెక్కకట్టి బొమ్మ గీసే ఎక్సెల్ షీటును 1,499 రూపాయలకు అమ్ముతున్న ఆ పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. పాస్‌వర్డుతో బిగించిన ఆ షీటును నమ్మి, నిన్నటి ఎక్స్‌పైరీలో నేను పద్నాలుగు వేలకు పైగా పోగొట్టుకున్నాను.

నేను కట్టిన పొజిషన్ పెద్ద చిక్కుముడేమీ కాదు. అంకెలు గుండ్రంగా చేసి చెబుతాను. సూచీ 25,000 దగ్గర ఉండగా 25,000 కాల్ ఒక లాటు 180 రూపాయలకు కొని, 25,200 కాల్ రెండు లాట్లు 95 చొప్పున అమ్మాను. లాటుకు 75 యూనిట్లు. షీటు గీసిన బొమ్మలో గరిష్ఠ లాభం 8,625, గరిష్ఠ నష్టం 6,375 అని ఉంది. 25,200 దాటాక బొమ్మ చివరి దాకా గీత లాభంలోనే బల్లపరుపుగా సాగిపోయింది. రెండు అమ్మి ఒకటే కొన్నవాడికి పైన కాపు లేని కాల్ ఒకటి మిగులుతుందన్న సంగతి తెలిసి కూడా, రంగుల బొమ్మను చూసి మురిసిపోయాను.

సూచీ 25,600 దగ్గర ముగిసింది. షీటు ప్రకారం నాకు 8,625 రావాలి, కానీ ఖాతాలోంచి 14,250 పోయింది. ఫోన్ చేస్తే ఆయన అన్న మాట ఇది: “ఎక్సెల్ రానివారికి ఆప్షన్లు దేనికి మాస్టారూ? డెమోలో ఒక్కొక్క లాటే కదా చూపించాను.” రెండు లాట్లు వేయడానికి గడి పెట్టింది తమరే కదా అని అడిగేలోగా ఫోన్ పెట్టేశారు. గ్రూపు తెరిచి చూస్తే నన్ను తీసేసి ఉన్నారు. డబ్బు కట్టిన రోజున ఇదే మనిషి రాత్రి పదకొండు గంటలకు కూడా “అన్నయ్యా” అంటూ జవాబిచ్చారు మరి.

రాత్రి నిద్ర పట్టక ఆ షీటులో లాట్ల గడిలో -1, -2, -5 మార్చి మార్చి వేసి చూశాను. గీత వెంట్రుకవాసి కూడా కదలలేదు. అంటే లోపలి సూత్రం కొన్నామా అమ్మామా అన్న గుర్తును మాత్రమే తీసుకుని, సంఖ్యను వదిలేస్తోందన్నమాట. తరువాత ఖాళీ షీటులో నేనే రాసుకుంటే అరగంట పట్టలేదు. 2వ వరుసలో కొన్న కాల్, 3వ వరుసలో అమ్మినది వేశాను. B గడుల్లో స్ట్రైక్, C గడుల్లో ప్రీమియం, D గడుల్లో లాట్లు, అంటే కొన్నదానికి 1, అమ్మినదానికి -2. F1 లో 75. A7 నుంచి కిందికి, ఎక్స్‌పైరీ నాటికి సూచీ ఉండగల ధరలు వందేసి తేడాతో.

```
B7: =$D$2*(MAX($A7-$B$2,0)-$C$2)
C7: =$D$3*(MAX($A7-$B$3,0)-$C$3)
D7: =(B7+C7)*$F$1
```

ఈ మూడింటినీ కిందికి లాగితే చాలు. పుట్ అయితే MAX లోపల స్ట్రైక్‌లోంచి ధరను తీసివేయాలి, అంటే $B$2-$A7. ప్రీమియం MAX బయటే ఉండాలి, లోపల పెడితే కొన్న ఆప్షన్‌కు నష్టమే కనబడదు. 25,600 వరుసలో మొదటి లెగ్ 420, రెండవది -2 × 305, అంటే -610. కలిపితే -190, దాన్ని 75తో హెచ్చవేస్తే నిన్న నా ఖాతాలోంచి పోయిన 14,250 అక్షరాలా అదే. బొమ్మకు A, D నిలువు వరుసలను తీసుకుని Scatter with Straight Lines ఎంచుకున్నాను.

ఇంకొక దారుణం ఏమిటంటే, ఆయన షీటులో ధరలు 24,600 నుంచి 25,400 వరకే ఉన్నాయి. సరైన సూత్రంతో లెక్కించినా 25,400 దగ్గర ఇంకా 10 పాయింట్ల లాభమే వస్తుంది. నష్టం మొదలయ్యేది 25,410 దాటాక కనుక, లాట్ల తప్పు దిద్దినా ఆ బొమ్మలో ఎర్ర గీత కనబడేది కాదు. చివరి స్ట్రైక్ దాటి కనీసం 500 పాయింట్లయినా పట్టికలో ఉంచుకోండి.

నా తెలివితక్కువతనం కూడా చెప్పుకోవాలి. సూచీ 25,000 కిందే ముగిస్తే రెండు కాల్స్‌కూ విలువ ఉండదు, కనుక చేతిలో మిగలవలసింది నికర ప్రీమియమే. నేను 180 ఇచ్చి 190 తీసుకున్నాను కాబట్టి అక్కడ 10 పాయింట్ల లాభం, అంటే 750 రూపాయలు కనబడాలి. షీటు అక్కడే 6,375 నష్టం చూపిస్తుంటే, ఎదురు డబ్బు తీసుకున్నవాడికి ఈ నష్టం ఎలా వచ్చిందని ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు. మామూలు స్ప్రెడ్‌కు అడిగేదానికన్నా బ్రోకర్ ఎన్నో రెట్లు మార్జిన్ అడిగినప్పుడు కూడా అదేదో వాళ్ల నియమం అనుకున్నాను.

ఆ షీటు ఇప్పటికే కొన్నవారు అమ్మకం గడిలో -5 వేసి చూడండి. గీత కదలకపోతే దానితో కట్టిన పొజిషన్లను ఈ రోజే పై సూత్రంతో మళ్లీ లెక్క చూసుకోండి.