మొద్దుబారిన మనస్సాక్షి, అతిగా గుచ్చే మనస్సాక్షి

మొద్దుబారడం తేలిగ్గానే అర్థమవుతుంది. ప్రయాణ ఖర్చుల బిల్లులో మొదటిసారి కొంచెం ఎక్కువ రాసినప్పుడు చెయ్యి వణుకుతుంది. పదోసారికి అది తప్పన్న ఊసే ఉండదు.

అతిగా గుచ్చడాన్ని మాత్రం చాలామంది మంచితనం అనుకుంటారు. తర్వాత జెస్యూట్ అనే క్రైస్తవ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్నప్పుడు, మతగురువు ముందు పాపాలన్నీ ఒప్పుకున్నాక కూడా ఏదో మిగిలిపోయిందేమోనని మళ్లీ మళ్లీ ఒప్పుకునేవాడు. ఎంత ఒప్పుకున్నా ఊరట దొరకలేదు. పాతవాటిని ఇక ఎత్తకూడదని నిశ్చయించుకున్నాకే ఆ బాధ వదిలింది.

ఈ గుచ్చుకోవడం నిజమైన పశ్చాత్తాపమేనా అన్నది తప్పు దిద్దుకున్నాక తెలుస్తుంది. ఇంట్లోనే ఉండి స్నేహితురాలికి "దారిలో ఉన్నా" అని చెప్పారనుకోండి. క్షమాపణ అడిగారు, ఆమె నవ్వేసింది. మామూలు మనస్సాక్షి అక్కడితో ఊరుకుంటుంది. అతిగా గుచ్చేది రాత్రి లేపి, "నిజంగా క్షమించిందా? మళ్లీ అడుగు" అంటుంది. అడిగితే కాసేపు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత సందేహం ఇంకా బలపడుతుంది.

అందుకే "నీ మనసు చెప్పింది విను" అన్న సలహా ఇద్దరికీ పనికిరాదు. మొద్దుబారినవారు సంతకానికి ముందు ప్రతి లెక్కనూ డబ్బు ఇచ్చేవారి ఎదుట చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకోవాలి. రెండోవారు ఒక్కసారి క్షమాపణ అడిగి, ఆపైన భరోసా కోసం అడగకుండా ఆ ఇబ్బందిని దానంతటదే తగ్గనివ్వాలి. ఇది మొదట్లో పాపంలాగే అనిపిస్తుంది, కష్టమంతా అక్కడే. నిద్రా పనీ దెబ్బతినేదాకా వస్తే అది ఒకే ఆలోచన వదలకుండా వేధించే ఓసీడీ అనే జబ్బు కావచ్చు, మానసిక వైద్యులకు చూపించుకోవాలి.