నిఫ్టీ బటర్‌ఫ్లై: నా అనుభవం

కడప వై.వి. స్ట్రీట్‌లో మాకు చిన్న స్టేషనరీ షాపు ఉంది. మధ్యాహ్నం రెండు దాటితే ఎండకు బేరాలుండవు. ఎక్స్‌పైరీ రోజైతే ఆ టైమ్‌లో ఫోన్ పట్టుకుని కూర్చోవడం నాకు మూడేళ్లుగా అలవాటు. మొదట్లో ఉత్త కాల్స్ కొని కొద్దికొద్దిగా పోగొట్టుకున్నా. తర్వాత స్ట్రాడిల్ అమ్మి, ఒక్క రోజులోనే అంతకు మించి పోగొట్టుకున్నా. ఆ దెబ్బ తగిలాకే, కింద ఒక కాల్, పైన ఒక కాల్ కొని మధ్యవి రెండు అమ్మే బటర్‌ఫ్లైకి వచ్చా.

కిందటేడు వేసిన ఒక ట్రేడ్ చెప్తా. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెల్ని కాస్త సర్దాను. శుక్రవారం మధ్యాహ్నం నిఫ్టీ 25,000 దగ్గరుంది. వారమంతా పైకీ కిందికీ తిరిగి అక్కడికే వస్తోంది. మంగళవారం ఎక్స్‌పైరీకి కూడా ఆ చుట్టుపక్కలే ఆగుతుందనిపించింది. 24,800 కాల్ ఒకటి 237కి, 25,200 కాల్ ఒకటి 37కి కొన్నా. 25,000 కాల్స్ రెండు 109 చొప్పున అమ్మా. ఇచ్చింది 274, వచ్చింది 218, అంటే జేబులోంచి పోయింది 56 పాయింట్లు. అప్పటి లాట్ 75 కాబట్టి 4,200 రూపాయలు. నిఫ్టీ ఎటు పరిగెత్తినా ఛార్జీలు కాక అంతకు మించి పోదు. సరిగ్గా 25,000 దగ్గర ఆగితే 144 పాయింట్లు మిగులుతాయి. 24,856కీ 25,144కీ మధ్య ఎక్కడ ఆగినా ఎంతో కొంత లాభమే.

ఇక్కడే కొత్తవాళ్లకు ఓపిక నశిస్తుంది. సోమవారం సాయంత్రానికి నిఫ్టీ ఇంకా 25,000 దగ్గరే ఉంది, నా బటర్‌ఫ్లై విలువ మాత్రం 75. "ఏం బావా, నువ్వు చెప్పిన చోటే ఉంది కదా, పదిహేను వందలు కూడా రాలేదేం?" అన్నాడు మా బామ్మర్ది. ఒక రోజు మిగిలుందంటే మార్కెట్ ఇంకా జారిపోవచ్చు. ఆ భయానికి కట్టిన ధర నేను అమ్మిన రెండు కాల్స్‌లో ఇంకా ఉంది. అది కరిగితేనే నాకు డబ్బు. మంగళవారం పదకొండింటికి 94 అయింది, రెండున్నరకు 145. సగానికి పైగా లాభం ఆ చివరి రోజు వచ్చిందే. చివరి రోజు నడిపే తీరిక లేనివాళ్లకు ఇది పనికిరాదనే నా అభిప్రాయం.

ఇంకో సంగతి నాకు ఏడాది దాకా తెలియలేదు. ఎక్స్‌పైరీ సెటిల్‌మెంట్ స్క్రీన్ మీద కనిపించిన ఆఖరి అంకెతో జరగదు. నిఫ్టీ క్లోజింగ్ అంటే అందులోని షేర్ల చివరి అరగంట సగటు ధరలతో కట్టినది. ఆ రోజు మూడున్నరకు స్క్రీన్ మీద 25,060 ఉంది, క్లోజింగ్ 25,038గా తేలింది. 24,800 కాల్‌కు 238 వచ్చింది, అమ్మినవి రెండూ కలిపి 76 తిన్నాయి, మిగిలింది 162. పెట్టిన 56 తీస్తే 106 పాయింట్లు, 7,950 రూపాయలు. అందులో ఛార్జీలు నూటముప్పై దాకా పోయాయి. 25,060తో లెక్కేసుంటే ఇంకో 22 పాయింట్లు తగ్గేవి. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. చివరి పది నిమిషాల్లో మార్కెట్ మన స్ట్రైక్ దగ్గరికి పరిగెత్తుకొచ్చినా సగటు అంత వేగంగా రాదు.

నేను చేసిన పెద్ద తప్పు బయటికి వచ్చేటప్పుడు. ఇంకో ఎక్స్‌పైరీ నాడు లాభం బాగా కనిపిస్తోందని కింది స్ట్రైక్ కాల్‌ను ముందు అమ్మేశా. అమ్మిన రెండింటికి అండగా పైది ఒక్కటే మిగిలింది, రెండోది ఉత్తదైపోయింది. మార్జిన్ ఒక్కసారిగా లక్ష దాటింది. నా అకౌంట్లో అంత లేదు. బ్రోకర్ సిస్టమ్ తనంతట తనే ఆ కాల్స్‌ను మార్కెట్ ధరకు కొనేసింది. నాలుగు వేలు రావాల్సిన చోట తొమ్మిది వందలు వచ్చాయి. అప్పట్నుంచి లోపలికి వెళ్లేటప్పుడు ముందు రెండు వైపులా కొని తర్వాత మధ్యవి అమ్ముతా. వచ్చేటప్పుడు మధ్యవి ముందు కొనేసి, తర్వాతే రెండు వైపులా కొన్నవి వదులుతా. అన్నీ లిమిట్ ఆర్డర్లే, ఎందుకంటే నిఫ్టీ కంటే బాగా కిందున్న 24,800 కాల్ లాంటి వాటికి కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య మూడు నాలుగు పాయింట్ల తేడా ఉంటుంది.

పదిసార్లు వేస్తే నాలుగుసార్లే లాభం వస్తోంది, నా నోట్‌బుక్ చెప్పేది ఇదే. పూర్తి 144 ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు విలువ పెట్టినదానికి రెండింతలు దాటితే, మధ్యాహ్నం మూడు దాటకముందే మూసేస్తున్నా.

షేర్ల మీద మాత్రం దీన్ని ఎక్స్‌పైరీ దాకా ఉంచను. అక్కడ సెటిల్‌మెంట్ డబ్బుతో కాదు, షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి. మధ్య స్ట్రైక్ దాటి, పై స్ట్రైక్ లోపు ఆగితే కొన్న ఒక్క లాట్ షేర్లు వస్తాయి, ఇవ్వాల్సింది రెండు లాట్లు. మిగతా లాట్ షేర్లు ఎక్కణ్నుంచి తేను?