రాత్రిపూట ఏసీ: రెండు వేసవుల తరువాత స్లీప్ మోడ్‌పై నా అభిప్రాయం

విజయవాడలోని మా పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీని రెండు వేసవులుగా వాడుతున్నాము. స్లీప్ మోడ్ నొక్కితే కరెంటు ఆదా అవుతుందన్న మాట నిజమే కానీ, ఆదా చేసేది ఆ బటన్ కాదు, అది పెంచే ఉష్ణోగ్రత. మా మోడల్‌లో బటన్ నొక్కిన గంటకు ఒక డిగ్రీ, రెండో గంటకు మరొక డిగ్రీ పెరిగి, ఆపై తెల్లవారే వరకు అక్కడే నిలుస్తుంది. కనుక 18 దగ్గర పెట్టి స్లీప్ నొక్కేవారికి 20 దగ్గర ఆగుతుంది, కంప్రెసరుకు విశ్రాంతి దొరకదు. 25 దగ్గర మొదలుపెడితే నిద్ర గాఢమయ్యే వేళకు 27కు చేరుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది.

మా లెక్క మీటరు మీద చూసినదే. మే నెల రాత్రుల్లో పది నుంచి ఆరు వరకు 24 దగ్గర కదపకుండా ఉంచితే దాదాపు 5 యూనిట్లు, 25తో స్లీప్ పెడితే 4 యూనిట్లకు అటూ ఇటూగా వచ్చాయి. మీటరుపై ‘3200 imp/kWh’ అని ఉంటే ఎర్ర దీపం 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అన్నమాట. మిగతా వాడకం తక్కువగా ఉన్నప్పుడు పడుకునే ముందు సెకనుకు ఒకసారికి పైగా మిణుకుమన్న ఆ దీపం, అర్ధరాత్రి దాటాక మూడేసి సెకన్లకు ఒకసారి వెలిగితే, ఇంటి వాడకం సుమారు 375 వాట్లకు దిగిందని తెలుస్తుంది.

ఫ్యాన్ స్పీడు విషయంలో మొదటి అరగంట ఆటోలో వదిలేయడమే మేలు. గది వేడిగా ఉండగానే తక్కువలో పెడితే చల్లగాలి మంచం దాకా రాక, మనం ఉష్ణోగ్రత మరింత తగ్గిస్తాము. 27 దగ్గర హాయిగా ఉండాలంటే సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరగాలి. అయితే పాత సీలింగ్ ఫ్యాన్‌ను రాత్రంతా నిండు వేగంతో తిప్పితే అర యూనిట్‌కు పైగా అదే తినేస్తుంది, ఆదా చేసినదానిలో సగం అక్కడే పోతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఆ ఖర్చు సుమారు 0.2 యూనిట్లే.

ఆగస్టులో ఈ అమరిక మాకు పనికిరాలేదు. ఎండ తగ్గినా గాలిలో తేమ ఎక్కువ కావడంతో, 27 దగ్గర కంప్రెసర్ చాలా తక్కువగా పనిచేసి తేమను తగినంతగా లాగదు, దుప్పటి జిగటగా అనిపిస్తుంది. అప్పుడు 24తో మొదలుపెట్టి 26 దగ్గర ఆగనిస్తున్నాము. కరెంటు పోయి వచ్చినప్పుడు మా ఏసీ తిరిగి మొదలవుతుంది కానీ స్లీప్ మోడ్ మాత్రం రద్దవుతుంది. రిమోట్ తెరపై చంద్రవంక గుర్తు అలాగే ఉంటుంది కనుక దానిని నమ్మకుండా, ఒకసారి తీసివేసి మళ్లీ నొక్కాలి.