నీడా, కమలాపండా?

పర్లాకిమిడిలో మా అక్క కొడుకు రెండో తరగతి. వాడి ఈడు పిల్లల కోసం రెండు నిమిషాల సైన్సు వీడియో తియ్యాలి. నీడ గురించా, నీళ్లలో కమలాపండు గురించా అన్నదే ప్రశ్న.

నీడ అయితే కర్ర పాతితే చాలు. కానీ "మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందే" అనేస్తాం. ఇక్కడ అది నిజమయ్యేది మే, జులైల్లో ఒకటి రెండు రోజులే. డిసెంబరు మధ్యాహ్నం మీటరు కర్రకి దాదాపు 90 సెంటీమీటర్ల నీడ పడుతుంది. పిల్లలు కొలిచారో, మన మాట అబద్ధం. పైగా రోజంతా షూటింగు.

కమలాపండు బకెట్లో వేస్తే తేలింది. తొక్క ఒలిచి వేస్తే బుడుంగున మునిగింది. "బరువు తగ్గింది కదా పిన్నీ, ఎందుకు మునిగింది?" అన్నాడు వాడు. వీడియో మొదలవ్వాల్సింది ఆ ప్రశ్నతోనే. తొక్కలో సన్నసన్నని గాలి అరలుంటాయి, పండుని తేల్చేది అవే. సాంద్రత అన్న మాటే ఎత్తక్కర్లేదు. లోపల గుల్లగా ఉన్న పండు ఒలిచినా తేలొచ్చు, అందుకే కెమెరా పెట్టకముందే రెండు మూడు ఒలిచి చూసుకోవాలి. మునగనివి వాడే తినేశాడు.