బ్యాంకు స్టేట్‌మెంట్ల టేబుళ్లకు టెస్సరాక్టా, క్లౌడా?

మా ఆడిట్ ఆఫీసుకు ప్రతి నెలా క్లయింట్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు వస్తాయి. చాలావరకు ప్రింటు తీసి స్కాన్ చేసినవే. తేదీ, వివరం, డెబిట్, క్రెడిట్, బ్యాలెన్స్ కాలమ్‌లను ఎక్సెల్‌లోకి ఎక్కించడం నా పని. దీనికి కొన్నేళ్లుగా, స్కాన్ బొమ్మలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా మార్చే రెండు సాధనాలను, అంటే ఆఫీసు కంప్యూటర్‌లోనే నడిచే టెస్సరాక్ట్‌నూ, ఒక క్లౌడ్ సర్వీసునూ వాడుతున్నాను. ప్రతి నెలా ఒకే ఫార్మాట్‌లో, శుభ్రమైన స్కాన్‌గా వచ్చేవాటికి నా ఓటు టెస్సరాక్ట్‌కే.

```
pdftoppm -r 300 -gray -png st.pdf p
tesseract p-1.png out -l eng --psm 6 tsv
```

పేజీ అంతా ఒకే బ్లాక్ అని చెప్పే `--psm 6` ఇవ్వకపోతే ఒక్కో కాలమ్‌ను విడి పేరాగా చూసి పైనుంచి కిందికి చదివేసే ప్రమాదం ఉంది. అంతకుముందే ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీతో టేబుల్ గీతలు చెరిపేయాలి, లేకపోతే నిలువు గీత కాస్తా 1 అయి కూర్చుంటుంది.

అసలు చిక్కు అంకెలు చదవడంలో లేదు, ఖాళీ గళ్లలో ఉంది. టెస్సరాక్ట్‌కు గడి అంటే ఏమిటో తెలియదు. డెబిట్ ఖాళీగా ఉంటే, స్పేస్‌లను బట్టి వరుసను విడగొట్టినప్పుడు క్రెడిట్ మొత్తం డెబిట్‌లోకి జరిగిపోతుంది. అందుకే నేను టెస్సరాక్ట్ ఇచ్చే టీఎస్‌వీ ఫైల్‌లో ప్రతి మాటకూ వచ్చే `left`, `width` రెండూ కలిపి కుడి అంచు తీస్తాను. మొత్తాలన్నీ కుడివైపుకే సర్ది ఉంటాయి కాబట్టి, అంకె చిన్నదైనా పెద్దదైనా ఆ అంచు మారదు. అది ఏ కాలమ్ అంచుకు దగ్గరగా ఉంటే మొత్తం ఆ కాలమ్‌దే.

తప్పును పట్టేది మాత్రం కూడికే. పాత బ్యాలెన్స్ 84,250, జమ 12,600, కొత్త బ్యాలెన్స్ 96,850 అనుకోండి. జమ పొరపాటున డెబిట్‌లో పడితే లెక్క 71,650 చూపిస్తుంది. తేడా 25,200, అంటే సరిగ్గా మొత్తానికి రెట్టింపు. అలా వస్తే కాలమ్ మారిందని, వేరేలా వస్తే అంకె తప్పు చదివిందని అర్థం. మాటను ఎంత నమ్మకంగా చదివిందో చెప్పే `conf` విలువ ఎంత ఎక్కువున్నా కాలమ్ తప్పును అది చెప్పలేదు.

క్లౌడ్ సర్వీసు గళ్లను వరుస, కాలమ్ నంబర్లతో సహా ఇస్తుంది, కాబట్టి ఈ అంచుల గొడవ ఉండదు. కొత్త బ్యాంకు ఫార్మాట్ వచ్చినా, ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో వచ్చినా దానికే పంపుతాను. కానీ వివరం రెండు లైన్లకు సాగినచోట ఒక లావాదేవీని రెండు వరుసలుగా విడగొడుతుంది. తేదీ, మొత్తం లేని వరుసను పై వరుసకు కలపడం మనమే చేసుకోవాలి, కూడిక పరీక్ష అక్కడా నడపాల్సిందే. పేజీకింత అని ప్రతి నెలా బిల్లు వస్తుంది. క్లయింటు లెక్కలు బయటి సర్వర్‌కు వెళ్తాయి కాబట్టి ముందే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుంటాం. ఒప్పుకోని ఇద్దరు ముగ్గురి ఫొటోలను మాత్రం వెనక్కి పంపి, స్కానర్ మీద పెట్టి మళ్లీ తీయమంటాం.