హిందీ మందుల చీటీలకు ప్రూఫ్‌రీడింగ్: రెండేళ్లు దాటాక నా సమీక్ష

మా మందుల షాపు పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కనే. బిహార్, యూపీ నుంచి వచ్చిన కార్మికులు ఎక్కువగా వస్తారు. మందులు ఎలా వాడాలో చెప్పే చీటీలను హిందీలోకి రాయించి, వేరే ఇద్దరితో ప్రూఫ్‌రీడింగ్ చేయిస్తున్నాం. ఒకరు ఇంగ్లిష్ ప్రతితో వాక్యం వాక్యం పోల్చి చూస్తారు. రెండో ఆవిడ ఇంగ్లిష్ ప్రతి అసలు చూడరు. హిందీ చీటీ మాత్రమే చదివి ఏ రోజు, ఎన్ని మాత్రలు, ఎన్నిసార్లు వేసుకోవాలని అర్థమైందో రాసి పంపుతారు. ఈ రెండో చదువుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ చీటీ చూడండి. వారానికి ఒక్కసారి 7.5 మి.గ్రా., అంటే 2.5 మి.గ్రా. మాత్రలు మూడు. అనువాదంలో ‘హర్ హఫ్తే సోమ్‌వార్ సే ఏక్ బార్ 3 గోలీ’ అని వచ్చింది. ఆవిడ రాసి పంపింది: సోమవారం మొదలుపెట్టి రోజుకోసారి మూడు మాత్రలు. ఈ మందు రోజూ వేసుకుంటే నోట్లో పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. దిద్దిన వాక్యం ఇది: ‘సిర్ఫ్ సోమ్‌వార్ కో 3 గోలియాఁ ఏక్ సాథ్ లేఁ. బాకీ 6 దిన్ యహ్ దవా న లేఁ.’ వేసుకోకూడని రోజుల్ని కూడా రాయడం వల్ల అనుమానానికి చోటు లేకుండా పోయింది.

పిల్లల అమాక్సిసిలిన్ సిరప్‌తో ఇంకో రకం చిక్కు. రోజు మొత్తానికి 750 మి.గ్రా., మూడు విడతలుగా ఇవ్వాలి. హిందీలో అది 750 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు అయింది, అంటే మూడింతలు. అప్పటినుంచి చీటీలో రోజు మొత్తం రాయడం మానేశాం. ‘ప్రతిసారీ 5 మి.లీ., రోజుకు మూడుసార్లు’ అని మాత్రమే ఉంటుంది (5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్‌కి). చెంచా అని రాయనివ్వరు, ఇంటి చెంచాలన్నీ ఒకే కొలతలో ఉండవు కదా. సీసాతో వచ్చే కొలత మూతనే చెబుతాం.

లోటు చెప్పాలంటే, ఇద్దరూ చూసి పంపేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది, కొత్త మందు చీటీ అర్జంటుగా కావాలంటే టెన్షనే. ఇంగ్లిష్ ప్రతిలోనే ‘డాక్టర్ చెప్పినట్టు’ అని ఉంటే వాళ్లు తమంతట మోతాదు నింపరు, మాకే తిప్పి పంపుతారు. అది సరైన పద్ధతే, కానీ డాక్టర్‌ను అడిగి తేల్చే పని మనదే.

ఇంకోటి, దిద్దిన ఫైల్ ప్రెస్సుకిచ్చి ఊరుకోకండి. పాత హిందీ ఫాంట్‌లోకి మార్చినప్పుడు 2.5లోని చుక్క వేరే అక్షరంగా మారొచ్చు, లేదా మాయమై 25 కావచ్చు. అచ్చుకు వెళ్లే చివరి పీడీఎఫ్‌ను ఆ ఇద్దరికీ మళ్లీ పంపాలి. దానికి విడిగా డబ్బు తీసుకుంటారు, నేను ఇస్తూనే ఉన్నాను.